వరి దోమపోటు పేజీకి టైటిల్, డిస్క్రిప్షన్ ఎట్టా రాయాలి: రైతు వెతికే మాటల నుంచి మొదలుపెట్టి

పోయిన రబీలో ఫిబ్రవరి మొదట్లో కోవూరు అవతల చేను చేసే మా మామ పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఒరే, చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోతా ఉండాది, నిన్న చాపంత ఉన్నింది, ఇయ్యాల ఇంకో రెండు చోట్ల లేచింది, ఫోన్లో వెతికితే ఏందేందో వస్తా ఉండాది, ఏం కొట్టాలో చెప్పు" అన్నాడు. ఏమని వెతికావు మామా అంటే "దోమ మందు అని కొట్టా" అన్నాడు. ఆయనకి వచ్చినవన్నీ ఇంట్లో దోమలు పోవడానికి చిట్కాలు, కాయిల్స్, వేపాకు పొగ. ఆ తర్వాత "వరి ఎండిపోతుంది ఏ మందు" అని కొట్టాడంట, అప్పుడు ఎండాకు తెగులు పేజీలు వచ్చినయ్, అది బ్యాక్టీరియా తెగులు, దానికీ దోమకీ సంబంధమే లేదు.

మామ చేనుకి పట్టింది దోమపోటు, అంటే సుడిదోమ దుబ్బు మొదట్లో రసం పీల్చి చేనుని ఎండబెట్టడం. పంట సలహాలు రాసే నా సైట్లో దాని మీద పేజీ అప్పటికే ఉంది, లోపల సమాచారం అంతా సరిగ్గానే ఉంది. కానీ దాని టైటిల్ "వరిలో గోధుమ రంగు సుడిదోమ – సమగ్ర సస్యరక్షణ చర్యలు". మామ టైప్ చేసిన మాటల్లో ఒక్క "వరి" తప్ప ఏదీ ఆ టైటిల్లో లేదు, డిస్క్రిప్షన్ అయితే నేను రాయనే లేదు. ఆ ఒక్క పేజీని ఎట్టా మార్చానో మొదటి నుంచి చెప్తా. వరి అయినా, మీ వైపు మిర్చి శనగ అయినా పద్ధతి ఇదే, కాకపోతే ఒకే పేజీ పట్టుకుని పూర్తిగా చూస్తే బాగా అర్థమవుతది.

1. ముందు మాటలు ఏరుకోండి, కంప్యూటర్ ముందు కాదు మందుల షాపు ముందు

ఏ సాఫ్ట్‌వేర్ తెరవక ముందు ఒక పొద్దున పురుగుమందుల షాపు దగ్గర కూర్చోండి, తెలిసినాయన షాపు అయితే మేలు. పైరు మీద పురుగు పడ్డ రోజుల్లో పోవాలి, ఊరికే ఉన్న రోజుల్లో పోతే ఎరువుల మాటలే వినపడతాయి. రైతు కౌంటర్ దగ్గరకొచ్చి మొదట అనే వాక్యాన్ని అన్నది అన్నట్టు రాసుకోండి, మీరు దాన్ని సరిదిద్దొద్దు. నేను రాసుకున్నవి ఇట్టా ఉన్నయ్: "దోమ పడింది అన్నా", "దుబ్బు మొదట్లో దోమ ముసిరింది", "చేను కాలిపోయినట్టు గుండ్రంగా అయింది", "దోమపోటుకి ఏముంది", "ట్యాంకుకి ఎంత పోయాల", "మొన్న కొట్టినా చావలా".

ఈ ఆరు వాక్యాల్లో "గోధుమ రంగు" అన్నోళ్లు ఒక్కరూ లేరు, "యాజమాన్యం" అన్నోళ్లూ లేరు. "సుడిదోమ" అనే మాట కొంతమందికి తెలుసు, ముఖ్యంగా రైతు సేవా కేంద్రంలో మీటింగులకి పోయేవాళ్లకి, కాబట్టి దాన్ని పేజీలోంచి తీసేయక్కర్లేదు, కానీ ముందు వరసలో ఉండాల్సింది "దోమపోటు". ఇంకోటి గమనించండి, రైతు అడిగేది నాలుగు రకాలు. ఒకటి కంటికి కనపడిన గుర్తు (గుండ్రంగా ఎండింది), రెండోది పేరు (దోమపోటు), మూడోది మందు కొలత (ట్యాంకుకి ఎంత), నాలుగోది కొట్టిన తర్వాత వచ్చే అనుమానం (చావలా). మన సలహా పేజీలు ఎక్కువగా రెండోదానికే రాసుంటాయి, అదీ పుస్తకంలో ఉండే పేరుతో.

మిర్చి రైతుల దగ్గర ఇది ఇంకా గట్టిగా తెలిసింది. 2021 చివర్లో ప్రకాశం, గుంటూరు వైపు పూతలో నల్లగా సన్న పురుగు పడి తోటలు పోయినప్పుడు రైతులు "నల్ల తామర", "పూతలో నల్ల పురుగు" అనే వెతికారు, "త్రిప్స్ పార్విస్పైనస్" అని శాస్త్రీయ నామం టైటిల్లో పెట్టిన పేజీ ఆ రైతుకి ఎట్టా దొరుకుతది.

2. ఆ మాటల్ని ఫోన్లో పరీక్షించండి

ఇప్పుడు ఫోన్లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ఒక్కో మాటా కొట్టండి. మీ సొంత సెర్చ్ హిస్టరీ అడ్డం రాకుండా ఉండటానికే ఇన్‌కాగ్నిటో. టైప్ చేసేటప్పుడు కింద గూగుల్ పూరించి చూపే వాక్యాలు రాసుకోండి, "వరిలో దోమ" అని ఆపి చూడండి, తర్వాత "వరి దోమ" అని ఆపి చూడండి, రెండిటికీ వేరే వేరే వస్తాయి. మూడు రకాలుగా చేయండి: తెలుగు కీబోర్డుతో, ఇంగ్లిష్ అక్షరాల్లో, మైకు నొక్కి మాట్లాడి. మా మామ లాంటోళ్లు మైకే వాడతారు, కుర్రోళ్లు ఎక్కువగా `vari domapotu mandu` అని కొడతారు. మైకుతో మాట్లాడితే దోమపోటు అనేది ఒక్కోసారి "దోమ పోటు" అని విడిగా పడతది, ఒక్కోసారి "దోమపోటు" అని కలిసి పడతది. చిన్న చిన్న తేడాల్ని గూగుల్ చాలావరకు కలుపుకుంటది, అన్ని స్పెల్లింగులూ టైటిల్లో దూర్చక్కర్లేదు, అట్టా దూరిస్తే చదివేవాడికి చెత్తగా కనపడి నొక్కడు.

మీ సైట్‌కి గూగుల్ సెర్చ్ కన్సోల్ పెట్టుకుని ఉంటే అసలైన గని అదే. `Performance` లోకి పోయి ఆ పేజీ అడ్రస్ మీద ఫిల్టర్ పెట్టి `Queries` చూడండి. సైట్ మొత్తం మీద చూడాలంటే ఫిల్టర్లో `Custom (regex)` ఎంచుకుని ఇది వేయండి:

```
దోమ|సుడి|doma|sudi
```

తెలుగులో వెతికినవీ ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికినవీ ఒకేచోట వస్తాయి. గరిష్ఠంగా 16 నెలల డేటా ఉంటది, కాబట్టి పోయిన రబీ మొత్తం చూసుకోవచ్చు. అయితే ఒక సంగతి, చాలా తక్కువమంది వెతికిన వాక్యాల్ని గూగుల్ ఆ లిస్టులో చూపించదు, చిన్న జిల్లా సైట్లకి వచ్చే వెతుకులాటలో చాలా భాగం అట్టాంటివే, అందుకే షాపు ముందు రాసుకున్న నోటుబుక్కుకి విలువ తగ్గదు. గూగుల్ ట్రెండ్స్ కూడా చూశా, తెలుగు మాటలకి, అందులోనూ ఒక జిల్లాకి, చాలాసార్లు సరిపడా డేటా లేదనే చూపించింది, దాని మీద ఎక్కువ టైమ్ పెట్టొద్దు.

3. పంట పేరు ముందు ఎందుకుండాలో

తెలుగులో చీడపీడల పేర్లు ఒక పంట నుంచి ఇంకో పంటకి తిరుగుతా ఉంటాయి. "దోమ" అంటే వరిలో సుడిదోమ కావచ్చు పచ్చదోమ కావచ్చు, పత్తిలో తెల్లదోమ కావచ్చు, ఇంట్లో కుట్టే దోమ కూడా దోమే. "ఆకుముడత" అంటే వరిలో ఆకుని గొట్టంలా చుట్టుకుని పచ్చదనం గీకే పురుగు, అదే మిర్చిలో అయితే తామర పురుగు వల్ల వచ్చే పై ముడత, నల్లి వల్ల వచ్చే కింది ముడత, వైరస్ వల్ల వచ్చే బొబ్బర తెగులు, మూడిటినీ రైతు ముడత అనే అంటాడు. తామర పురుగు మందు నల్లికి పనిచేయకపోవచ్చు, అందుకే ఇది ఉత్త సెర్చ్ సమస్య మాత్రమే కాదు, తప్పు పేజీ దొరికితే తప్పు మందు కొడతాడు.

అందుకని టైటిల్లో మొదటి మాట పంట పేరు. "దోమపోటు నివారణ – వరి" అని చివర్లో పెడితే ఫోన్ స్క్రీన్ మీద తెగిపోవచ్చు. మొదటి మూడు నాలుగు మాటల్లో పంటా, రైతు పిలిచే పేరూ రెండూ పడిపోవాలి.

4. ఒక పేజీకి ఒకే ప్రశ్న

నా పాత పేజీలో సుడిదోమ, కాండం తొలుచు పురుగు, ఆకుముడత అన్నీ ఒకేచోట ఉండేవి, టైటిల్లో "వరి చీడపీడలు" అని కూడా ఒకసారి పెట్టా. దానికి ఏ టైటిల్ రాసినా ఏదో ఒకటి బయట ఉండిపోతది. తెల్లకంకి చూసి భయపడ్డ రైతూ, చేను గుండ్రంగా ఎండిన రైతూ వేరే వేరే మాటలు కొడతారు. విడగొట్టేశా. విడగొట్టాక ఇంకో తప్పు చేయొద్దు, "వరి దోమపోటు మందు", "వరి సుడిదోమ మందు", "వరి దోమ నివారణ" అని మూడు పేజీలు చేస్తే మూడూ ఒకదానికొకటి అడ్డం పడతాయి, గూగుల్ ఒకరోజు ఒకటి ఇంకోరోజు ఇంకోటి చూపిస్తది. పేరు వేరైనా ప్రశ్న ఒకటే అయితే పేజీ ఒకటే.

ప్రశ్న వేరైతేనే పేజీ వేరు. "మందు కొట్టినా దోమ చావలా" అనేది నిజంగా వేరే ప్రశ్న, దాని సంగతి కింద చెప్తా.

5. టైటిల్ రాసేముందు పేజీలో జవాబు ఉందో లేదో చూడండి

టైటిల్లో "ఎకరాకి ఎంత" అని రాసి లోపల హెక్టారు లెక్కలుంటే రైతు వెనక్కి పోతాడు. కాబట్టి దోమపోటు పేజీ లోపల నేను ముందు ఏం సరిచేశానో చెప్తా, ఎందుకంటే టైటిల్ మాటలు అందులోంచే వచ్చినయ్.

గుర్తుపట్టడం: చేనులో దిగి దుబ్బుని చేత్తో విడదీసి, నీటి మట్టానికి కాస్త పైన, మొదలు దగ్గర చూడాలి. దుబ్బుని తట్టితే దోమలు నీళ్ల మీద పడి గంతులేస్తాయి. ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలుండి మొదట్లో దోమ లేకపోతే అది అగ్గితెగులు దారి, ఆకు చివర నుంచి అంచుల వెంట అలలుగా ఎండుతా వస్తే ఎండాకు తెగులు దారి. చాలామంది "చేను కాలిపోయినట్టుంది" అంటారు కదా, ఆ మాట వల్ల కొందరు అగ్గితెగులు మందు తెచ్చి కొడతారు, అది శిలీంధ్రానికి కొట్టే మందు, దోమకి ఏమీ కాదు. అందుకే టైటిల్లో "ఎండిపోతే" అని వదిలేయకుండా "గుండ్రంగా ఎండుతుంటే" అని పెట్టా, ఆ "గుండ్రంగా" అన్న మాటే తెగులుని దోమ నుంచి వేరు చేస్తది.

ఎప్పుడు కొట్టాలి: పిలక దశలో దుబ్బుకి 10–15 దోమలు, ఈనిక తర్వాత 20–25 కనపడితే మందు అవసరం. అంతకన్నా తక్కువుంటే చేను ఆరబెట్టి, నత్రజని ఆపి చూడొచ్చు.

ఏం చేయాలి: ముందు నీళ్లు తీసేసి చేను ఆరగట్టాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరగా వదిలుంటే గాలీ వెలుతురూ మొదళ్లకి తగులుతాయి, వదలకపోతే ఇప్పుడైనా దుబ్బుల్ని పాయలుగా తీసి మొదళ్లు తడిసేలా కొట్టాలి. మందుల్లో పైమెట్రోజైన్ 50 శాతం పొడి ఎకరాకి 120 గ్రాములు, లేదంటే డైనోటెఫ్యురాన్ 20 శాతం ఎకరాకి 80 గ్రాములు, 200 లీటర్ల నీళ్లలో.

రైతు అడిగేది ఎకరం లెక్క, దాని వెంటనే ట్యాంకు లెక్క. 200 లీటర్లంటే 20 లీటర్ల ట్యాంకులు 10, కాబట్టి పైమెట్రోజైన్ ట్యాంకుకి 12 గ్రాములు. 16 లీటర్ల బ్యాటరీ ట్యాంకు అయితే ఎకరాకి పన్నెండున్నర ట్యాంకులు, ఒక్కోదానికి సుమారు 10 గ్రాములు. ఇది పేజీలో చిన్న టేబుల్‌గా పెట్టా. పవర్ స్ప్రేయర్ వాడేవాళ్లు నీళ్లు తగ్గిస్తారు, నీళ్లు తగ్గినా ఎకరాకి పోయే మందు మాత్రం అదే ఉండాలని కూడా రాశా.

తీసేసినవి కూడా చెప్పాలి. పాత కాగితాల్లో దోమపోటుకి డైక్లోరోవాస్ ఉండేది. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం డైక్లోరోవాస్, ఫోరేట్ లాంటివి 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధం. మీ పేజీ టైటిల్ బాగు చేసి పదిమందిని ఎక్కువ తీసుకొచ్చే ముందు ఆ పేజీలో నిషేధించిన మందు ఎక్కడన్నా మిగిలిందేమో తప్పకుండా వెతకండి, ఈ పని టైటిల్ కన్నా ముందు చేయాలి.

6. టైటిల్

ఇప్పుడు రాయడం తేలిక. పంట, రైతు పిలిచే పేరు, కంటికి కనపడే గుర్తు, ఆయన అడిగే కొలత. నేను రాసిన మొదటి రూపం: "వరిలో దోమపోటు నివారణకు తీసుకోవలసిన చర్యలు మరియు మందులు". ఇందులో "తీసుకోవలసిన చర్యలు మరియు" అనేది చోటు తింటది, ఎవరూ వెతకరు. రెండోది: "వరి దోమపోటు మందు". చిన్నగా బాగుంది కానీ పక్క సైట్లవి కూడా అచ్చం ఇట్టాగే ఉంటాయి, ఏది నొక్కాలో రైతుకి తెలియదు. చివరికి ఇది పెట్టా:

"వరి దోమపోటు: చేను గుండ్రంగా ఎండుతుంటే ఏ మందు, ఎకరాకి ఎంత"

మందు బ్రాండు పేరు టైటిల్లో పెట్టలేదు. రైతులు బ్రాండు పేరుతో వెతుకుతారు, నిజమే, కానీ ఒకే టెక్నికల్ మందు చాలా కంపెనీల పేర్లతో అమ్ముతారు, టైటిల్లో ఒకటి పెడితే అదే కొనాలని సలహా ఇచ్చినట్టు అవుతది. పేజీ లోపల, డబ్బా మీద ఏ టెక్నికల్ పేరు చూసుకోవాలో చెప్తే చాలు. "ఒక్క స్ప్రేతో దోమ మాయం" లాంటివి అసలు వద్దు, దోమపోటులో అది అబద్ధం, వచ్చిన రైతు మళ్లీ మీ సైట్ నమ్మడు.

పొడవు గురించి చాలామంది ఇన్ని అక్షరాలే ఉండాలంటారు. గూగుల్ అట్టాంటి లెక్క ఏదీ పెట్టలేదు, స్క్రీన్ వెడల్పుకి సరిపోయినంత చూపిస్తది. పైగా తెలుగులో ఆ లెక్కలు కుదరవు, "పోటు" అని మనకి రెండు అక్షరాలు కనపడితే కంప్యూటర్ గుణింతాలని విడిగా లెక్కేసి నాలుగు అంటది. అక్షరాలు లెక్కేసే కౌంటర్‌ని పక్కన పెట్టి ఫోన్లో చూసుకోండి, తెగినా ముందు సగంలో పంటా పేరూ గుర్తూ ఉంటే బాధ లేదు.

7. డిస్క్రిప్షన్

డిస్క్రిప్షన్ రాసినంత మాత్రాన పేజీ పైకి రాదు, ర్యాంకులో గూగుల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. దాని పని లిస్టులో చూసిన రైతు చేత నొక్కించడం. నేను మూడు సంగతులు పెడతా: నీ చేనులో ఉన్నది ఇదేనా అని తేల్చుకునే గుర్తు, లోపల దొరికే కొలత, ఏ కాలానికి ఏ ప్రాంతానికి. అన్నీ రైతు నోటి మాటల్లోనే.

కాలం దగ్గర మన జిల్లా వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. రాష్ట్రం మొత్తానికి రాసే పేజీల్లో "ఖరీఫ్ వరిలో సెప్టెంబరు, అక్టోబరులో దోమపోటు" అని ఉంటది, అది డెల్టాకి సరిపోతది. నెల్లూరులో పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల వానలకి వేసేది, నాట్లు ఎక్కువగా నవంబరు, డిసెంబరులో, కోతలు మార్చి, ఏప్రిల్లో, దోమ ముదిరేది జనవరి నుంచి. ఆ తర్వాత సోమశిలలో నీళ్లుంటే ఏప్రిల్, మే నుంచి ఎడగారు వేస్తారు. మన రైతు దాన్ని ఖరీఫ్ అనడు, ఎడగారు అంటాడు, ఫోన్లో కూడా "ఎడగారు వరి" అనే కొడతాడు. ఆ మాట పెద్ద సైట్లలో అరుదుగా కనపడతది, మన చిన్న సైట్లకి నిజంగా చోటున్నది ఇక్కడే. అయితే టైటిల్లో జిల్లా పేరు, కాలం పేరు ఊరికే అతికించొద్దు, దోమపోటు మందు నెల్లూరులో ఒకటీ ఏలూరులో ఒకటీ కాదు. కాలం వల్ల సలహా మారే పేజీల్లో, అంటే విత్తనం రకం, నారు పోసే తేదీ, నాట్లు లాంటి వాటిలో, టైటిల్లోనే "నెల్లూరు ఎడగారు" అని పెట్టండి. దోమపోటుకి మాత్రం డిస్క్రిప్షన్లో ఒక్క మాట చాలు.

చివరికి పేజీలో పెట్టిన కోడ్ ఇది:

```html
<title>వరి దోమపోటు: చేను గుండ్రంగా ఎండుతుంటే ఏ మందు, ఎకరాకి ఎంత</title>
<meta name="description" content="దుబ్బు మొదట్లో దోమ ఉందో చూసే పద్ధతి, ఎన్ని ఉంటే మందు కొట్టాలి, ఎకరాకి ట్యాంకుకి ఎంత, నీళ్లు ఎప్పుడు తీయాలి. నెల్లూరు రబీ, ఎడగారు వరికి.">
<meta property="og:title" content="వరి దోమపోటు: ఏ మందు, ఎకరాకి ఎంత">
```

మూడో లైను వాట్సాప్ కోసం. రైతుల్లో చాలామంది వెతకరు, గ్రూపులో ఎవరో పెట్టిన లింకు నొక్కుతారు, ఆ లింకు కింద కనపడే పేరు ఇక్కడి నుంచే పోతది, చోటు తక్కువ కాబట్టి చిన్నగా పెట్టా. పేజీ అడ్రస్ మాత్రం `vari-domapotu` అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే కాపీ చేసి గ్రూపులో వేసినప్పుడు `%E0%B0` అంటూ రెండు మూడు లైన్ల గీతలు పడతాయి, అది చూసి ఏదో మోసం లింకనుకుని నొక్కరు.

8. పేజీ మొదటి పేరా కూడా అదే మాటల్లో

మీరు రాసిన డిస్క్రిప్షన్నే గూగుల్ ప్రతిసారీ చూపించాలని లేదు. రైతు వెతికిన మాటకి పేజీలో ఇంకో వాక్యం బాగా సరిపోతే దాన్ని తీసి చూపిస్తది, టైటిల్ కూడా ఒక్కోసారి పేజీలో పెద్ద హెడ్డింగు నుంచి తీసుకుంటది. నా పాత హెడ్డింగు "సుడిదోమ సమగ్ర యాజమాన్యం" అనే ఉండిపోవడంతో కొత్త టైటిల్ పెట్టిన మొదటి వారం గూగుల్ ఆ పాతదాన్నే చూపించింది. హెడ్డింగు మార్చా, మొదటి పేరా ఇట్టా మార్చా: "వరి చేనులో మధ్య మధ్యలో గుండ్రంగా ఎండి, ఆ ఎండు రోజురోజుకీ పాకుతుంటే అది దోమపోటు (సుడిదోమ). దుబ్బు విడదీసి మొదట్లో చూడండి." పుస్తకంలో పేరూ, రైతు పేరూ ఒకే వాక్యంలో కలిశాయి, ఏ మాటతో వెతికినా చూపించడానికి ఒక వాక్యం దొరికింది.

మార్చిన తర్వాత సెర్చ్ కన్సోల్లో `URL Inspection` లో పేజీ అడ్రస్ వేసి `Request indexing` నొక్కండి. వెంటనే మారదు, ఒక్కోసారి రోజులు, ఒక్కోసారి వారాలు పడతది. అందుకే దోమ పడ్డాక కాదు, నాట్లు అయిపోయిన వెంటనే ఈ పని చేసుకోవాలి, నెల్లూరు రబీకైతే డిసెంబరు లోపల, ఎడగారుకైతే మే లోపల.

9. "కొట్టినా చావలా" కి వేరే పేజీ

షాపు ముందు రాసుకున్న ఆరో వాక్యం గుర్తుందా. మందు కొట్టిన రెండో రోజు రైతు మళ్లీ ఫోన్ తీస్తాడు, అప్పుడు వెతికేది "దోమ మందు కొట్టినా తగ్గలేదు". ఈ ప్రశ్నకి తెలుగులో రాసిన పేజీలు తక్కువ, కానీ నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే, ఎందుకంటే జవాబు దొరక్క షాపుకి పోయి ఇంకో రెండు మందులు కలిపి కొడతాడు.

నా పేజీలో జవాబు ఇట్టా రాశా. పైమెట్రోజైన్ కొట్టిన వెంటనే దోమ చచ్చి పడదు, రసం పీల్చడం ఆపేస్తది, ఆకలితో చావడానికి కొన్ని రోజులు పడతది, కాబట్టి మర్నాడు దోమ కనపడిందని మళ్లీ కొట్టొద్దు. మందు పైన ఆకుల మీద పడి మొదట్లోకి దిగకపోతే అసలు పనిచేయదు, ఎకరాకి ఆరేడు ట్యాంకులతో ముగిస్తే ఇదే జరుగుతది. ఇంకో పురుగుకని సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కలిపి కొడితే దోమని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోయి దోమ ఇంకా ఎక్కువవుతది. టైటిల్: "వరిలో మందు కొట్టినా దోమ తగ్గలేదా? మళ్లీ కొట్టేముందు చూడండి". డిస్క్రిప్షన్: "కొట్టి ఎన్ని రోజులైంది, మందు మొదళ్లకి తగిలిందా, చేనులో నీళ్లున్నాయా, ఏం కలిపారు. నాలుగూ చూసుకుని అవసరమైతేనే రెండో మందు." ఈ రెండు పేజీలకీ ఒకదాని నుంచి ఒకదానికి లింకు ఇచ్చా.

10. పనిచేసిందో లేదో చూడటం

పంట కాలం పంట కాలంతోనే పోల్చండి. జనవరిలో పేజీకి రైతులు పెరిగారని సంబరపడొద్దు, దోమ వచ్చింది కాబట్టి పెరుగుతారు. సెర్చ్ కన్సోల్లో ఈ జనవరి–మార్చిని పోయిన ఏడాది జనవరి–మార్చితో పక్కన పెట్టి చూడాలి.

ఎక్కువసార్లు కనపడతా ఉండి నొక్కేవాళ్లు తక్కువైతే ఏ మాటలకి కనపడుతుందో చూడండి. నాకు "దోమలు పోవాలంటే ఏం చేయాలి" అనే దానికి కూడా కనపడింది, అది ఇంటి దోమ, వాళ్లు నొక్కకపోవడమే మంచిది, దాని కోసం టైటిల్ మార్చక్కర్లేదు. కానీ "వరి దోమ మందు" కి కనపడి నొక్కకపోతే టైటిల్లోనో డిస్క్రిప్షన్లోనో ఏదో తేడా ఉంది, అప్పుడు మార్చాలి, అదీ ఒకసారికి ఒక్కటే మార్చి మూడు నాలుగు వారాలు వదిలేయాలి. పేజీలో లేని మాటతో రైతులు వస్తుంటే ఆ మాట నోటుబుక్కులోకి ఎక్కించండి.

ఎడగారు కోతలప్పుడు మా మామ దగ్గరకి పోయి కొత్త పేజీ ఆయన ఫోన్లోనే వెతికించి చూశా, "వరి దోమ మందు ఎకరాకి" అని మైకులో అన్నాడు, వచ్చింది. చదివి, ఫోన్ పక్కన పెట్టి, "ఇదంతా బాగుందిరా, మొన్న గుండ్రంగా ఎండిపోయిన చోట మళ్లీ పిలక వస్తదా రాదా, అది యాడా రాయలా" అన్నాడు. ఎండి పడిపోయిన దుబ్బు తేరుకోదు మామా, చుట్టూ పచ్చగా ఉన్న దుబ్బుల్ని కాపాడుకోవడమే అని చెప్పా. ఆ ప్రశ్న ఆయన అన్నట్టే రాసుకున్నా, ఈ డిసెంబరులోపల దానికి పేజీ రాయాల.